స్కోర్ దాకా వెళ్లకుండానే ఆగిపోయే దరఖాస్తులు: నాకౌట్ ప్రశ్నల సంగతి

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చెక్ చేసుకుంటే నా రెజ్యూమేకి, ఆ ఉద్యోగ ప్రకటనకి 92 శాతం మ్యాచ్ వచ్చింది. అప్లై చేసిన పావుగంటకే రిజెక్ట్ మెయిల్ వచ్చేసింది. ఫారంలో నోటీస్ పీరియడ్ 60 రోజులు అని పెట్టాను. అసలు నా రెజ్యూమే ఎవరైనా చూశారా? అంత స్కోర్ ఉన్నా ఎందుకు తీసేశారు?

సమాధానం:

పావుగంటలో మెయిల్ వచ్చిందంటే మీ రెజ్యూమేని దాదాపుగా ఎవరూ తెరిచి ఉండరండి. మనిషే కాదు, స్కోర్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చూసి ఉండకపోవచ్చు. మీరు ఫారంలో ఇచ్చిన ఏదో ఒక జవాబు దగ్గరే దరఖాస్తు ఆగిపోయింది. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ జవాబు నోటీస్ పీరియడ్‌దే అయ్యుండాలి. మీరు చూసుకున్న 92 శాతం కంపెనీ లెక్కలోకి రాదు. అది బయటి సైట్ ఇచ్చిన అంకె. కంపెనీ సొంత స్కోర్ వేరే ఉంటుంది, మీ దరఖాస్తు దాని దాకా వెళ్లలేదు.

నేను పదకొండేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. అందులో ఆరేళ్లు ఈ ఫారాలను, వాటి వెనక ఉండే నియమాలను సెట్ చేయడమే నా పని. కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

మీరు సబ్మిట్ నొక్కగానే దరఖాస్తు రెండు ముక్కలుగా లోపలికి వస్తుంది. ఒకటి మీ రెజ్యూమే ఫైల్. రెండోది ఫారంలో మీరు టిక్ పెట్టిన, ఎంచుకున్న జవాబులు. నాకౌట్ నియమాలు సాధారణంగా ఈ రెండో ముక్కనే చూస్తాయి. ఈ దేశంలో పని చేయడానికి అనుమతి ఉందా, పని చేసే చోటికి రాగలరా, ఎన్ని రోజుల్లో చేరగలరు, డిగ్రీ ఉందా. ఒక్కోదానికీ వచ్చే ఫలితం అవును లేదా కాదు, మధ్యలో ఏమీ ఉండదు. అన్నీ 'అవును' అయితేనే దరఖాస్తు స్కోరింగ్‌కి వెళ్తుంది. ఒక్కటి 'కాదు' అయినా దాని స్టేటస్ మారిపోతుంది, మెయిల్ క్యూలోకి వెళ్తుంది. నాకౌట్ అంటే తక్కువ మార్కులు రావడం కాదు, మార్కులు వేసే వరుసలోకే రాకపోవడం. అందుకే రెజ్యూమే ఎంత బాగున్నా అది ఈ లోటును పూడ్చలేదు.

స్కోర్‌కి ముందే ఇది ఎందుకు పెడతారంటే, స్కోర్ స్వభావమే సర్దుబాటు. నైపుణ్యానికి 40, అనుభవానికి 30, మిగతావాటికి 30 అని పెట్టామనుకోండి, ఒకచోట తగ్గింది ఇంకోచోట కలిసొస్తుంది. వర్క్ ఆథరైజేషన్‌కి కూడా అలాగే ఓ 10 మార్కులు పెడితే, అనుమతి లేని అభ్యర్థి 90 తెచ్చుకుని జాబితాలో మొదట కూర్చుంటారు. కంపెనీ స్పాన్సర్ చేయని పక్షంలో ఆయన్ని తీసుకోవడానికి వీల్లేదు. మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు అయ్యాక ఆ మాట చెప్పడం ఆయనకూ అన్యాయమే. సర్దుబాటుకు తావులేని విషయాన్ని స్కోర్ బయటే తేల్చేయడం సరైన పద్ధతి, నేను దాన్ని సమర్థిస్తాను.

గొడవ ఎక్కడ వస్తుందంటే, సర్దుకోగలిగిన విషయాలను కూడా అదే గేటు దగ్గర నిలబెట్టినప్పుడు. దానికి నేను స్వయంగా చూసిన కేసు ఒకటి చెప్తాను. మీ సందర్భానికి దగ్గరగా ఉంటుంది.

ఒక అనలిస్ట్ ఉద్యోగానికి 340 దరఖాస్తులు వచ్చాయి. నాలుగు నియమాలు ఉన్నాయి: పని అనుమతి ఉండాలి, ఆఫీసుకు 50 కిలోమీటర్ల లోపు ఉండాలి లేదా మకాం మార్చడానికి సిద్ధపడాలి, నోటీస్ 30 రోజులు దాటకూడదు, డిగ్రీ ఉండాలి. సిస్టమ్ ఇదే వరుసలో చూసింది. అనుమతి దగ్గర 61 మంది ఆగారు, 279 మిగిలాయి. లొకేషన్ దగ్గర 74 పోయి 205. నోటీస్ దగ్గర 98 పోయి 107. డిగ్రీ దగ్గర 19 పోయి చివరికి 88. ఆ 88 మందికే స్కోర్ పడింది. జాబితా చూసిన మేనేజర్ 'మంచివాళ్లు రావడం లేదు, ప్రకటన మళ్లీ వేయండి' అన్నారు.

ప్రకటన మళ్లీ వేసేముందు ఒక్కరోజు టైమ్ ఇమ్మని అడిగాను. నాకు ముందుగా అనుమానం వచ్చింది రిపోర్ట్ మీద. నాలుగు నియమాలూ నెగ్గాల్సిందే కాబట్టి ఏ వరుసలో చూసినా చివరికి మిగిలేది ఆ 88 మందే. కానీ ఎవరు దేనివల్ల పోయారన్న కారణం మాత్రం వరుసను బట్టి మారిపోతుంది. ఒక అభ్యర్థి లొకేషన్‌లోనూ నోటీస్‌లోనూ తప్పితే, సిస్టమ్ ముందు తగిలిన కారణం ఒక్కటే రాసి వదిలేస్తుంది. నోటీస్ నియమాన్ని మొదటికి తెచ్చి మళ్లీ నడిపి చూశాను. 98 కాస్తా 141 అయింది. అంటే రిపోర్ట్‌లో మూడో వరుసలో ఉన్నందువల్ల ఆ నియమం అసలు బరువు కంటే తేలికగా కనిపిస్తోంది.

అయితే 141 కూడా నాకు కావలసిన అంకె కాదు. వాళ్లలో చాలామంది మిగతా నియమాల దగ్గరా ఆగేవాళ్లే. నాకు కావలసింది, ఈ ఒక్క నియమం లేకపోతే లోపలికి వచ్చేవాళ్లు ఎందరు అన్నది. అనుమతి, లొకేషన్ దాటి నోటీస్ దగ్గర ఆగిన 98 మందిలో డిగ్రీ లేనివాళ్లు 15 మంది. వాళ్లను తీసేస్తే 83. స్కోర్ పడిన వాళ్లు 88 మంది అయితే, నోటీస్ అనే ఒకే ఒక్క కారణంతో స్కోర్ పడనివాళ్లు 83 మంది. దాదాపు సగానికి సగం.

ఆ 83 మందిలో 52 మంది 60 రోజులని పెట్టారు. 24 మంది 90 రోజులన్నారు. ఇంకో ఏడుగురి సంగతి కాసేపట్లో చెప్తాను.

30 రోజులన్నది ఎవరు పెట్టారని మేనేజర్ని అడిగితే ఆయన పెట్టలేదు. రిక్రూటర్ కూడా పెట్టలేదు. ఏడాది కిందట ఒక అత్యవసర పోస్టుకు వాడిన ప్రకటనను కాపీ చేసి దీనికి వాడారు. అలా కాపీ చేస్తే ఉద్యోగ వివరణతో పాటు నాకౌట్ నియమాలు కూడా వెంట వస్తాయి. వివరణను అందరూ చదివి సరిచేస్తారు. నియమాలు వేరే ట్యాబ్‌లో ఉంటాయి, దాన్ని ఎవరూ తెరవలేదు. ఇది అరుదేమీ కాదు. నేను చూసిన అర్థం లేని నాకౌట్లలో ఎక్కువ భాగం ఇలా పాత పోస్టుల నుంచి వచ్చినవే.

తర్వాత క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ప్రాజెక్టు మొదలయ్యేది ప్రకటన వేసిన రోజు నుంచి లెక్కేస్తే 90 రోజులకి. మా దగ్గర దరఖాస్తులు చూడటానికి ఒక వారం, ఇంటర్వ్యూ రౌండ్లకు 24 రోజులు, జీతం ఆమోదానికి, ఆఫర్ లెటర్‌కి 16 రోజులు పడుతున్నాయి. మొత్తం 47 రోజులు. ఎవరైనా ఆఫర్ చేతికొచ్చాకే రాజీనామా చేస్తారు కదా, నోటీస్ గడియారం తిరగడం మొదలయ్యేది అప్పుడే. 30 రోజుల నోటీస్ ఉన్నవాళ్లు 77వ రోజున వస్తారు, 60 ఉన్నవాళ్లు 107వ రోజున. తేడా 17 రోజులు. మొదటి రెండు వారాలు ఎలాగూ యాక్సెస్‌లు, పరిచయాలతోనే గడుస్తాయి, ఆ ఆలస్యం పర్వాలేదు అని మేనేజరే అన్నారు. నియమాన్ని 60కి మార్చాం. 52 దరఖాస్తులు తిరిగి వచ్చాయి, 88 కాస్తా 140 అయింది.

చివరికి ఉద్యోగం వచ్చింది ఆ 52 మందిలో ఒకామెకే. నోటీస్ 60 రోజులని పెట్టిన ఆవిడ, మిగిలిన సెలవులను పాత కంపెనీలో సర్దుబాటు చేయించుకుని 44 రోజులకే బయటపడ్డారు. 91వ రోజున చేరారు. మేం నియమం మార్చే ముందు రోజు వరకు మా సిస్టమ్‌లో ఆవిడ పేరు పక్కన 'అర్హత లేదు' అని ఉంది.

అప్పటి నుంచి ఏ నియమం నా దగ్గరికి వచ్చినా ఒకటే అడుగుతాను: ఈ పోస్టుకు దొరకగలిగిన అందరికన్నా గొప్ప అభ్యర్థి ఈ ఒక్క విషయంలో తప్పితే, మీరు తీసుకోరా? పని అనుమతి గురించి అడిగితే వెంటనే 'తీసుకోలేం' అంటారు. నోటీస్ గురించి అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. ఆలోచనలో పడ్డారంటే అది నాకౌట్ కాదు, స్కోర్‌లో కొన్ని మార్కులుగా పెట్టాల్సిన విషయం.

ఇప్పుడు ఆ ఏడుగురు. వాళ్లు నోటీస్ గడి ఖాళీగా వదిలేశారు. ఇద్దరికి అప్పటికి ఉద్యోగమే లేదు, అంటే మర్నాడే చేరగలరు. నోటీస్ ఏమీ లేదు కాబట్టి ఏమీ రాయలేదు. లోపల నియమం ఇలా ఉంది:

```
WHERE notice_days <= 30
```

డేటాబేస్‌లో ఖాళీ గడి అంటే సున్నా కాదు, `NULL`. దాన్ని 30తో పోలిస్తే వచ్చేది అవునూ కాదు, కాదూ కాదు, 'తెలియదు'. ఈ వరుస 'అవును' వచ్చినవాటినే ఎంచుకుంటుంది కాబట్టి 'తెలియదు' కూడా బయటే ఉండిపోతుంది. అందరికన్నా త్వరగా చేరగలిగినవాళ్లు ఆలస్యంగా వస్తారన్న లెక్కలో పోయారు. నేను ఇప్పుడు ఏ నియమానికైనా మూడు దారులు పెట్టిస్తాను: అవును అయితే స్కోర్‌కి, కాదు అయితే బయటకి, ఖాళీ అయితే మనిషి దగ్గరికి. మీ వైపు నుంచి చేయగలిగింది చిన్నదే. నోటీస్ లేకపోతే 0 అని వేయండి, ఖాళీ వదలకండి.

మిగతా మూడు నియమాల గురించి కూడా క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మీరు అనుకుంటున్న కారణం నోటీసే అయినా అసలు కారణం వేరే అయ్యే అవకాశం ఉంది.

పని అనుమతికి సాధారణంగా రెండు ప్రశ్నలు ఉంటాయి. ప్రస్తుతం ఈ దేశంలో పని చేసే చట్టబద్ధమైన హక్కు ఉందా అన్నది మొదటిది. ఇప్పుడు గానీ ముందుముందు గానీ కంపెనీ స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా అన్నది రెండోది. మొదటిదానికి 'అవును' మంచి జవాబు, రెండోదానికి 'కాదు' మంచి జవాబు. వరుసగా 'అవును, అవును' అని నొక్కుకుంటూ వెళ్లేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. పౌరసత్వం ఉండి కూడా ఇలా ఆగిపోయినవాళ్లను చూశాను. చదువు తర్వాత కొంతకాలానికి ఇచ్చే తాత్కాలిక అనుమతిపై ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు రెండు ప్రశ్నలకూ 'అవును' అన్నదే నిజం, ఎందుకంటే ఆ గడువు అయ్యాక స్పాన్సర్ కావాలి. రెండోదానికి 'కాదు' అని పెట్టి దాటేద్దామని కొందరు చూస్తారు. ఆఫర్ తర్వాత పత్రాలు అడుగుతారు, అక్కడ బయటపడితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు. ఆలోపు పాత ఉద్యోగానికి రాజీనామా చేసి ఉంటే రెండూ పోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

లొకేషన్‌లో తప్పు చాలావరకు ఆటోఫిల్‌ది. రెజ్యూమే అప్‌లోడ్ చేయగానే సాఫ్ట్‌వేర్ అందులోంచి ఊరు, పిన్ కోడ్ తీసి గడుల్లో నింపేస్తుంది. రెజ్యూమే పైభాగంలో పాత చిరునామా ఉంటే అదే ఎక్కుతుంది, దూరం దాన్నుంచే లెక్కవుతుంది. ఒకసారి పక్క వీధిలో ఉండే అభ్యర్థి 600 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు చూపించింది. ఆయన రెజ్యూమేలో ఉన్నది చదువుకున్న రోజుల నాటి చిరునామా. మకాం మార్చడానికి సిద్ధమా అన్న ప్రశ్న విడిగా ఉంటే దాన్ని కూడా నింపాలి. కవర్ లెటర్‌లో 'వచ్చేస్తాను' అని రాసినా నియమం కవర్ లెటర్ చదవదు.

డిగ్రీ విషయంలో నేనే ఒక తప్పు చేశాను. డ్రాప్‌డౌన్‌లో డిప్లొమా, బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్ అని ఉన్నాయి. నేను నియమాన్ని 'బ్యాచిలర్స్‌కి సమానం' అని సెట్ చేశాను, 'బ్యాచిలర్స్ లేదా ఆపైన' అని పెట్టాల్సింది. నాలుగు రోజుల పాటు మాస్టర్స్, డాక్టరేట్ ఉన్నవాళ్లందరికీ 'కనీస విద్యార్హత లేదు' అని మెయిల్ వెళ్లింది. ఒక అభ్యర్థి తన డాక్టరేట్ సర్టిఫికెట్ జతచేసి, ఇంకేం కావాలని అడిగితే గానీ నాకు తెలియలేదు. అందరికీ విడివిడిగా క్షమాపణ రాసి దరఖాస్తులు వెనక్కి తెచ్చాను. ఆ తర్వాత ఏ ఫారం బయటికి వదిలే ముందైనా, ప్రతి జవాబుకూ ఒకటి చొప్పున ఉత్తుత్తి దరఖాస్తులు నేనే వేసి, ఏది ఆగిందో ఏది వెళ్లిందో చూసుకుంటున్నాను. చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థులకు ఒక మాట: 'పూర్తయింది' అని పెట్టకండి, పూర్తయ్యే నెల, సంవత్సరం అడిగే గడి ఉంటుంది, అక్కడ వేయండి.

అసలు ఆ పనికి డిగ్రీ అవసరమా అన్న ప్రశ్న కూడా ఉంది. ఇది కొత్తదేమీ కాదు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు డ్యూక్ పవర్ కేసులో, ఉద్యోగం చేయగల సత్తాతో సంబంధం లేని హైస్కూల్ డిప్లొమా షరతు ఒక వర్గాన్ని ఎక్కువగా బయట ఉంచుతుంటే అది చెల్లదని తేల్చింది. దురుద్దేశం లేకపోయినా సరే అంది. నేను ప్రతి మేనేజర్నీ అడుగుతాను, ఇదే పని ఇప్పుడు మీ టీమ్‌లో డిగ్రీ లేకుండా ఎవరైనా చేస్తున్నారా అని. చేస్తున్నారంటే ఆ షరతు తీసేయమంటాను.

ఇక ఆగింది నాకౌట్ దగ్గరో కాదో బయటినుంచి ఎలా తెలుస్తుంది? కచ్చితంగా చెప్పలేం గానీ మెయిల్ వచ్చిన సమయం మంచి ఆధారం. నిమిషాల్లో వస్తే, అర్ధరాత్రి వస్తే, లేదా అప్లై చేసిన క్షణం నుంచి లెక్కేస్తే సరిగ్గా 24 గంటలకో 48 గంటలకో వస్తే అది ఆటోమేటిక్‌ది. కొన్నిచోట్ల వెంటనే పంపితే బాగుండదని కావాలనే ఆలస్యం పెడతారు, అందుకే ఆ గుండ్రటి అంకెలు. అదే కంపెనీలో రెండు వేర్వేరు పోస్టులకు వేస్తే రెండింటికీ అంతే సమయంలో మెయిల్ వచ్చిందంటే, రెండు ఫారాల్లోనూ ఉన్న ప్రశ్నే కారణమని దాదాపు అనుకోవచ్చు. పది రోజుల తర్వాత పగటిపూట వచ్చిన మెయిల్ అయితే ఎవరో ఒకరు చూసే ఉంటారు.

మీరు ఇప్పుడు చేయాల్సింది రెజ్యూమేలో పదాలు మార్చుకుంటూ కూర్చోవడం కాదు. అది స్కోర్‌ని మారుస్తుంది, మీరు ఆగిన చోటును మార్చదు. ముందు మీ ప్రస్తుత హెచ్ఆర్‌ని గానీ మీ అపాయింట్‌మెంట్ లెటర్‌ని గానీ చూసి, 60 రోజులు నిజంగా 60 రోజులేనా తెలుసుకోండి. మిగిలిన సెలవులు సర్దుబాటు చేస్తారా, కొన్ని రోజుల జీతం కట్టి ముందే వెళ్లనిస్తారా అన్నది రాతపూర్వకంగా తెలిస్తే, ఇకమీదట ఫారంలో ఆ నిజమైన అంకె వేయొచ్చు. తెలియకుండా 30 అని వేయకండి. ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఈ దరఖాస్తు విషయానికొస్తే, రిజెక్ట్ అయినంత మాత్రాన అది చెరిగిపోదు. రికార్డు అక్కడే ఉంటుంది, రిక్రూటర్ ఒక్క క్లిక్‌తో వెనక్కి తేగలరు. కానీ చాలా సిస్టమ్‌లు అదే పోస్టుకు రెండోసారి అప్లై చేయనివ్వవు, చేసినా పాత జవాబులే మళ్లీ ముందే నింపి ఉంటాయి. అందుకని రిక్రూటర్‌కి నేరుగా చిన్న మెయిల్ రాయండి. అప్లికేషన్ నంబర్, ఏ ప్రశ్నకు ఏ జవాబు ఇచ్చారు, ఇప్పుడు నిజానికి ఎన్ని రోజుల్లో చేరగలరు, దానికి ఆధారం ఏమిటి, అంతే. నా ఇన్‌బాక్స్‌కి ఇలాంటివి వారానికి రెండు మూడు వస్తాయి. 'నా ప్రొఫైల్ మరోసారి పరిశీలించగలరు' అని మాత్రమే ఉంటే నేనేం పరిశీలించాలో నాకు తెలియదు. 'నోటీస్ 60 అని పెట్టాను, సెలవులు పోను 40 రోజుల్లో రాగలను, మా హెచ్ఆర్ మెయిల్ జతచేశాను' అని ఉంటే అప్పటికప్పుడే ఆ దరఖాస్తు తెరుస్తాను.